ఆఫీసులో మొదలైన ఇష్టం గురించి మూడు కార్డుల టారో స్ప్రెడ్ చదవడం ఎలా?

"ఆఫీసులో ఒకరంటే ఇష్టం మొదలైంది. గతం, వర్తమానం, భవిష్యత్తు అని మూడు కార్డులు తీశాను. ఇప్పుడు వీటిని ఎలా చదవాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరు ఫొటో కూడా పంపుతారు. చాలాసార్లు కార్డులతో ఏ ఇబ్బందీ ఉండదు. ప్రశ్నే తేడాగా ఉంటుంది, లేదంటే మూడో కార్డు చూసి గాభరాపడి మిగతా రెండింటినీ వదిలేస్తారు.

అందుకని ఒకే ఒక్క రీడింగ్‌ను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. అడిగింది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. అవతలి మనిషి అదే ప్లాంటులో కొనుగోలు విభాగం వాడు. పట్టుబడి రోజు చెరువు దగ్గరికి వెళ్లి, కౌంట్ చూసి, శాంపిళ్లు తెచ్చి ల్యాబ్‌లో ఇస్తాడు. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఇక్కడ చెప్పే బొమ్మలన్నీ రైడర్-వెయిట్-స్మిత్ టారో కట్టవి. 1909లో లండన్‌లో వచ్చిన ఈ కట్టకు బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. మార్కెట్లో దొరికే కట్టల్లో చాలావరకు దీని నకళ్లే కాబట్టి మీ దగ్గరున్నది కూడా బహుశా ఇదే అయ్యుంటుంది. మీ కట్టలో ఒకటి నుంచి పది దాకా అంకెలుండే చిన్న కార్డుల మీద మనుషులు లేకుండా కప్పులు, కత్తులు మాత్రమే వరసగా ఉంటే, కింద చెప్పే చూపుల లెక్క పనిచేయదు.

## 1. కట్ట ముట్టకూడని సందర్భాలు

అవతలి మనిషి ఇప్పటికే వద్దని చెప్పి ఉంటే కార్డులు తీయకండి. "ఇప్పుడు వద్దన్నారు గానీ తర్వాత మనసు మారుతుందేమో చూద్దాం" అని తీయడమంటే ఆ మాట చెవిన పెట్టకపోవడమే. ఒకవేళ ఇబ్బంది పడుతున్నది మీరే అయితే ఇది టారో పని కాదు. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు పైగా పనిచేసే చోట లైంగిక వేధింపులపై మహిళల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. వెళ్లాల్సింది అక్కడికి.

ఇద్దరిలో ఒకరి లీవు మీద మరొకరు సంతకం పెట్టే స్థితి ఉన్నా నేను ఈ స్ప్రెడ్ వేయను. అక్కడ కింది ఉద్యోగి నవ్వుకు అర్థం ఇష్టమా, మొహమాటమా అన్నది మూడు కార్డుల్లో తేలదు.

ఇక "మా అన్నయ్య ఆఫీసులో ఒకమ్మాయి ఉందట, చూసి చెప్పండి" అనే రకం. అన్నయ్యనే రమ్మనండి.

## 2. ముందు కాగితం, తర్వాత కట్ట

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. నా లెక్కలో సగం రీడింగ్ ఇక్కడే అయిపోతుంది.

ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "తెలిసినవి", కుడివైపు "అనుకున్నవి" అని రాయండి. కళ్లతో చూసింది, చెవులతో విన్నది ఎడమవైపు. దాన్నుంచి మీరు అల్లుకున్నది కుడివైపు.

ఆ అమ్మాయి మొదట రాసిన వాక్యం ఇది: "ఆత్రేయపురం వెళ్లినప్పుడు నా కోసం పూతరేకులు తెచ్చాడు." ఎన్ని పెట్టెలు తెచ్చాడని అడిగాను.

"రెండు. ఒకటి ల్యాబ్‌లో అందరికీ పెట్టేశాడక్కా. రెండోది నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు."

"నీకని చెప్పాడా?"

"చెప్పలేదు. కానీ నా టేబుల్ మీదే కదా పెట్టాడు!"

ఆ ఒక్క వాక్యం రెండు ముక్కలైంది. "రెండు పెట్టెలు తెచ్చాడు, ఒకటి నా టేబుల్ మీద పెట్టాడు" ఎడమవైపుకు వెళ్లింది. "నా కోసమే తెచ్చాడు" కుడివైపుకు వెళ్లింది. రెండోది నిజం కాదని నేననడం లేదు. కార్డు తిరిగాక ఏ ముక్కకు దాన్ని ముడిపెడుతున్నామో తెలియాలి, అంతే.

కాగితం మీద కనీసం ఇవి ఉండాలి:

- ఇద్దరికీ పరిచయం ఏ పని వల్ల అయింది
- పని లేని మాటలు ఎప్పుడు మొదలయ్యాయి, ముందు మొదలుపెట్టింది ఎవరు
- గత పది రోజుల్లో నిజంగా జరిగినవి రెండు మూడు
- ఆఫీసులో ఈ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి అనుమానం ఉంది
- ఇద్దరిలో ఎవరికైనా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా (తెలియకపోతే తెలియదనే రాయండి)

చివరిది రాయడానికి చాలామంది ఇష్టపడరు. మన వైపు ఇరవై అయిదు దాటాక ఆ మాట ఇంట్లో రాకుండా ఉండదు కాబట్టి రాసి తీరాలి.

## 3. ప్రశ్నను మలచడం

"అతనికి నేనంటే ఇష్టమేనా?" అన్న ప్రశ్నకు ఈ స్ప్రెడ్‌లో చోటు లేదు. ఉన్నవి మూడు కాలాలు. అవతలి మనిషి మనసు అనే గడి వీటిలో లేదు. లేని గడిలో జవాబు వెతికితే కనిపించిన ప్రతి కప్పూ ప్రేమగా, ప్రతి కత్తీ మోసంగా కనిపిస్తుంది.

"మా పెళ్లవుతుందా?" అన్నదీ ఇక్కడికి పనికిరాదు. పరిచయం మొదలై మూడు నెలలు కాలేదు, కులం, కుటుంబం, ఉద్యోగ బదిలీ వంటివి ఇంకా రంగంలోకే రాలేదు. వాటన్నిటినీ ఒక్క కార్డు నెత్తిన వేయకూడదు.

ఈ అమ్మాయి కోసం మేము మలచిన ప్రశ్న ఇది: "ఈ పరిచయం దేని మీద నిలబడింది, ఇప్పుడు నేను ఇందులో ఎలా ఉన్నాను, ఇలాగే సాగితే సంక్రాంతి నాటికి ఎటు వెళ్తుంది?" అప్పటికి సంక్రాంతి రెండు నెలల దూరంలో ఉంది.

ఇందులో రెండు సంగతులు చూడండి. మధ్య గడిలో "నేను" ఉంది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నది ఆమె. చివరి గడికి గడువు ఉంది. గడువు లేని భవిష్యత్తు కార్డును తర్వాత సరిచూడటం కుదరదు. ఏడాది తర్వాత ఏం జరిగినా "అదే చెప్పింది" అనిపిస్తుంది. కొత్త పరిచయానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు సరిపోతుంది.

## 4. కలపడం, పరచడం

టారో కట్టలో 78 కార్డులు. పేక కట్ట కంటే లావు, కార్డు కూడా పెద్దది. పేక కలిపినట్టు విసురుగా కలపబోతే చేతిలోంచి జారతాయి. టేబుల్ మీద అడ్డంగా పరిచి రెండు చేతులతో తిప్పి మళ్లీ పోగుచేయడం తేలిక. ఇంట్లో పెద్దవాళ్లు చూసి "పేకాటా?" అంటారు, దానికి నా దగ్గర మందు లేదు.

డెల్టాలో ఇంకో చిక్కు తేమ. వానాకాలంలో, ముఖ్యంగా చుట్టూ చెరువులున్న ఊళ్లలో, కార్డులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకటి తీశామనుకుంటే రెండు వస్తాయి. దాన్ని "విధి పంపిన అదనపు కార్డు" అని చదివేస్తారు. కాసేపు ఫ్యాన్ కింద పరచి ఉంచాక కలపండి. అయినా రెండు వస్తే పైది ఉంచి కిందది కట్టలో కలిపేయండి. కలిపేటప్పుడు ఎగిరిపడిన కార్డునూ లోపల పెట్టేయండి. ఏ పద్ధతైనా ఫరవాలేదు గానీ, కార్డు చూడకముందే నిర్ణయించుకోవాలి.

తలకిందుల కార్డుల సంగతి. ఈ స్ప్రెడ్‌కు నేను అన్నీ నిటారుగానే చదువుతాను. ఉన్నది మూడే కార్డులు, మనసు ఆత్రంగా ఉంది. అలాంటప్పుడు నచ్చని కార్డు నిటారుగా వస్తే "తలకిందులైతే బాగుండేది" అని, నచ్చిన కార్డు తలకిందులైతే "ఆలస్యం అంతే, వస్తుంది" అని సర్దిచెప్పుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు తలకిందులు చదవాలనుకుంటే చదువుకోవచ్చు.

వరస ఇలా:

- ప్రశ్నను పైకి ఒకసారి చదవండి
- కలపండి, ఎడమ చేత్తో కట్ చేయండి (కుడి చేత్తో చేసినా నష్టం లేదు)
- పై నుంచి మూడు కార్డులు బోర్లా పెట్టండి: ఎడమవైపు గతం, మధ్యలో వర్తమానం, కుడివైపు భవిష్యత్తు
- ఒక్కటి మాత్రమే తిప్పండి, దాని పని పూర్తయ్యాకే రెండోది

ఆ చివరి నియమం కచ్చితంగా పాటించండి. మూడూ ఒకేసారి తిప్పితే కళ్లు కుడివైపుకే పోతాయి.

## 5. మొదటి కార్డు: అప్పటికప్పుడు సరిచూసుకోగలిగింది ఇదొక్కటే

ఆమెకు గతం గడిలో వచ్చింది త్రీ ఆఫ్ పెంటకిల్స్.

పుస్తకం తెరవకముందు బొమ్మ చూడండి. రాతి కట్టడం లోపల, కమాను కింద, ఒక శిల్పి బల్ల మీద నిలబడి పనిచేస్తున్నాడు. ఎదురుగా ఇద్దరు: ఒకరు సన్యాసి, మరొకరు చేతిలో నక్షా పట్టుకున్నవారు. మూడు పెంటకిల్స్, అంటే నక్షత్రం గీసిన బిళ్లలు, పైన రాతిలో చెక్కి ఉన్నాయి. ముగ్గురి మధ్యా ఉన్నది పని.

గతం కార్డును చదివే పద్ధతి వేరు. గతం మీకు ముందే తెలుసు కాబట్టి ఇది జోస్యం చెప్పే కార్డు కాదు. కాగితం మీద ఎడమ గడిలో రాసిన వాటిలో దేనికి ఈ బొమ్మ తగులుతుందో వెతకాలి. ఆమె కాగితం మీద ఉంది: విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్ వచ్చినప్పుడు చెరువుల రికార్డులూ ల్యాబ్ రికార్డులూ పొంతన కుదరక, ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క శాంపిల్ నంబరూ సరిచేశారు. మాటలు కలిసింది అప్పుడే.

ఇంతవరకు ఎవరైనా చదువుతారు. బొమ్మలో ముగ్గురున్నారు, ఇద్దరు కాదు. "ఆ ఆడిట్ పనిలో మూడో మనిషి ఎవరు?" అని అడిగాను. సెక్షన్ ఇన్‌ఛార్జి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టిందే ఆయన. ఆడిట్ బాగా జరిగాక ఇద్దరినీ అందరి ముందు మెచ్చుకున్నాడు కూడా. అంటే ఈ పరిచయం పుట్టింది నలుగురి కళ్ల ముందు, పైవాళ్ల మెప్పుతో. ఈ సంగతి మూడో కార్డు దగ్గర పనికొస్తుంది.

సహోద్యోగుల విషయంలో ఈ గడిలో పెంటకిల్స్ వస్తే ఒక ప్రశ్న తప్పకుండా వేయాలి: ఆ పని లేకపోతే ఇద్దరి మధ్య ఇంకేం ఉంది? కలిసి గట్టెక్కిన పని వల్ల కలిగే దగ్గరతనం నిజమైనదే. అది మనిషి మీద ఇష్టమా, కలిసి గెలిచిన సంతోషమా అన్నది ఆ పని అయిపోయిన కొన్ని వారాలకు గానీ తెలియదు.

బొమ్మ కాగితం మీద దేనికీ తగలకపోతే బలవంతంగా అతికించకండి. పది నిమిషాలు ఆగి, ఎడమ గడిలో మర్చిపోయిందేమైనా ఉందేమో చూడండి. అప్పటికీ దొరకకపోతే ఆ రోజుకు కట్ట మూసేయండి. తెలిసిన గతాన్నే చదవలేనప్పుడు తెలియని రేపటిని చదవడంలో అర్థం లేదు.

## 6. రెండో కార్డు: చూపు ఎటుంది?

మధ్యలో వచ్చింది పేజ్ ఆఫ్ కప్స్. చూడగానే ఆమె ముఖం వెలిగింది. ప్రేమ సందేశం తెచ్చే కార్డు అని ఎక్కడో చదివిందట.

బొమ్మలో పూల చొక్కా వేసుకున్న కుర్రాడు, వెనుక అలలు. చేతిలో కప్పు, కప్పులోంచి ఒక చేప తల బయటపెట్టి చూస్తోంది. కుర్రాడు ఆ చేపను చూస్తున్నాడు. చేపలూ రొయ్యలూ కొలిచే ల్యాబ్ అమ్మాయికి ఇదే రావడం చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు దగ్గరే ఆగిపోతే రీడింగ్ పోయినట్టే.

చూడాల్సింది చూపు. ఈ కుర్రాడు ఎవరికీ కప్పు అందించడం లేదు. టూ ఆఫ్ కప్స్‌లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కప్పులు పట్టుకుని ఉంటారు. ఇక్కడ ఉన్నది ఒక్కడే, తన కప్పులో తలెత్తిన వింతను తానే చూసి మురిసిపోతున్నాడు. ప్రశ్నలో మధ్య గడి "నేను ఇందులో ఎలా ఉన్నాను" కాబట్టి ఈ పేజ్ ఆమే.

"ఇది అతనే అయ్యుండొచ్చు కదక్కా?" అంది. పేజ్, నైట్, క్వీన్, కింగ్ వచ్చినప్పుడు అందరూ అడిగేదిదే. కోర్టు కార్డు ఎవరన్నది కార్డు తిప్పాక ఎంచుకోకూడదు. ప్రశ్న రాసినప్పుడే ఆ గడి ఎవరిదో తేలిపోయి ఉండాలి. లేకపోతే మంచి కోర్టు కార్డు మనదీ, చెడ్డది వాళ్లదీ అవుతుంది.

అప్పుడు కాగితం మళ్లీ చూశాం. కుడి గడి నిండిపోయి ఉంది: నా కోసమే తెచ్చాడు, నా షిఫ్టు చూసుకునే వస్తాడు, ల్యాబ్ బయట కావాలనే ఆగుతాడు. ఎడమ గడిలో ఈ పది రోజుల్లో జరిగినవి రెండే: పూతరేకుల పెట్టె, రాత్రి "తిన్నారా?" అని ఒక మెసేజ్. ఆ మెసేజ్‌కు "ఆయ్, తిన్నానండి" అని జవాబిచ్చి ఊరుకుంది. తిరిగి ఏమీ అడగలేదు.

ఆమె కప్పులోని చేపను చూస్తోంది. అతను ఏం చేస్తున్నాడో ఈ కార్డు చెప్పలేదు.

ఇది చెడ్డ కార్డు కాదు. ఇష్టం లేతగా, నిజంగా ఉంది. ఇంకా తనలోనే ఉంది.

## 7. మూడో కార్డు: "ఇలాగే సాగితే"

మూడోది సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్. ముఖం వాడిపోయింది. "మోసం చేస్తాడా అక్కా?"

ఆ కార్డు దగ్గర నూటికి తొంభై మంది చేసే తప్పు అదే. మళ్లీ బొమ్మ దగ్గరికి రండి. గుడారాల శిబిరం. ఒక మనిషి మునివేళ్ల మీద నడుస్తూ ఐదు కత్తులు చేతుల్లో పట్టుకుని జారుకుంటున్నాడు. రెండు కత్తులు నేలలో దిగి అక్కడే మిగిలిపోయాయి. అడుగులు ముందుకు, చూపు వెనక్కి: ఎవరైనా చూస్తున్నారా అని.

భవిష్యత్తు గడిని చదివేటప్పుడు ప్రతి వాక్యాన్నీ "ఇలాగే సాగితే" అన్న మాటతో మొదలుపెట్టండి. రేపు తప్పక జరిగేది చెప్పే శక్తి కార్డులకు ఉందని నేననుకోను, అలా చెప్పినట్టు చదవను కూడా. మధ్య కార్డులోని తీరు మారకుండా కొనసాగితే వచ్చే పరిణామంగా చదివితే, చేతిలో చేయాల్సిన పని మిగులుతుంది.

ఇలాగే సాగితే, అంటే ఇష్టాన్ని ఎవరికీ చెప్పక తనలోనే మోస్తూ పోతే, ఈ సంగతి దాపరికంగా మారుతుంది. నేను అడిగింది ఒక్కటే: "ఇప్పటికే ఏదైనా దాస్తున్నావా?"

కాసేపు ఆగి, ఫోన్ తీసి చూపించింది. అతని నంబరు "శాంపిల్స్ 2" అని సేవ్ చేసుకుంది.

ఎందుకని అడిగితే, పక్క టేబుల్ అమ్మాయి చూస్తుందేమోనని. ఇద్దరి మధ్య దాచాల్సిందేమీ ఇంకా జరగలేదు. దాపరికం మాత్రం అప్పుడే మొదలైంది. మునివేళ్ల మీద నడుస్తున్నది అతను కాదు.

మిగిలిపోయిన రెండు కత్తులనూ చదవాలి. ఎంత జాగ్రత్తగా ఎత్తుకుపోయినా అన్నీ పట్టవు, కొన్ని అక్కడే కనిపిస్తూ ఉంటాయి. ప్లాంటులో ల్యాబ్, ప్యాకింగ్, డిస్పాచ్ అందరూ ఒకే క్యాంటీన్‌లో తింటారు. ఎవరు ఎవరికి టీ తెచ్చారో సాయంత్రానికల్లా షిఫ్టు బస్సులో తెలిసిపోతుంది. అలాంటి చోట సగం దాచిన సంగతి, ఉన్నదానికంటే పెద్దదై బయటికొస్తుంది.

## 8. మూడింటినీ వరసగా

విడివిడిగా చదివి ఆపేస్తే మూడు జోస్యాలు మిగులుతాయి, ఒక కథ రాదు. వరసను నాలుగు రకాలుగా చూడాలి. నేను ఎక్కువసేపు ఆగేది మొదటిదాని దగ్గరే.

చూపులు. మొదటి కార్డులో మనుషులు ఒక పని చుట్టూ ఒకరికొకరు ఎదురుగా ఉన్నారు. రెండోదానిలో ఒక్క మనిషి తన కప్పులోకి చూస్తున్నాడు. మూడోదానిలో ఎవరు చూస్తున్నారోనని వెనక్కి చూస్తున్నాడు. ఎదుటివారి నుంచి తనలోకి, తనలోంచి లోకం భయానికి. ఈ వరసలో ఆమె అతని వైపు నేరుగా చూసిన కార్డు ఒక్కటీ లేదు. ఈ రీడింగ్ మొత్తానికి అసలు మాట ఇదే.

సూట్లు. పెంటకిల్స్, కప్స్, స్వోర్డ్స్: పని, భావం, ఆలోచన. పనిలో పుట్టింది, మనసులోకి దిగింది, ఇప్పుడు బుర్రలో తిరుగుతోంది. నాలుగో సూట్ వాండ్స్ లేవు, అంటే ముందడుగు వేసే చొరవ ఎక్కడా కనిపించడం లేదు. మూడు కార్డుల్లో ఒక సూట్ రాకపోవడం మామూలే. దాన్ని లోపమని కాకుండా "ఇది ఎక్కడుంది?" అనే ప్రశ్నగా మాత్రం వాడుకోండి.

దగ్గరగా కనిపించే మనుషుల సంఖ్య. ముగ్గురు, ఒకరు, ఒకరు. ప్రేమ గురించి అడిగితే ఇద్దరు మాత్రమే ఉన్న కార్డు రాలేదు. వస్తేనే ప్రేమ అని కాదు, ఇంకా ఇద్దరి సంగతి కాలేదని.

మేజర్ కార్డులు. ఒక్కటీ లేదు. 22 మేజర్ కార్డుల్లో ఒకటైనా వచ్చుంటే మనిషి చేతిలో లేని పెద్ద మలుపుల గురించి మాట్లాడేదాన్ని. ఇక్కడ ఉన్నవన్నీ రోజువారీ సంగతులు, అంటే మార్చుకోదగ్గవి.

చివరికి మూడింటినీ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. మేము రాసుకున్నది: "నలుగురి ముందు పనితో మొదలైన పరిచయం నాలోనే మురిపెంగా మిగిలింది, అతనితో నేరుగా మాట్లాడకపోతే సంక్రాంతి నాటికి చెప్పడానికేమీ లేని రహస్యం అవుతుంది."

దాన్నుంచి పని ఒక్కటే తీయండి, రెండు వద్దు. ఆమె పని: "తిన్నారా?" అన్నప్పుడు తానూ ఒక ప్రశ్న తిరిగి అడిగి, అలా వారం రోజుల్లో ఆఫీసు పని కాని విషయం ఒకటైనా అతనితో నేరుగా మాట్లాడటం. "ఐ లవ్యూ చెప్పేయనా?" అంది. పేజ్ దగ్గరున్న మనిషిని ఒక్కసారిగా అంత దూరం దూకమని కార్డులు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నంబరు పేరు మార్చడం ఆమె ఇష్టానికే వదిలేశాను.

## 9. ఆఫీసు ప్రశ్నల్లో తరచూ తప్పుగా చదివేవి

మీకు వేరే కార్డులు వస్తాయి కాబట్టి, ఎక్కువమంది పొరబడే మూడింటిని చెబుతాను.

ద లవర్స్. మధ్యలో వస్తే పండగ చేసుకుంటారు. బొమ్మలో పురుషుడు స్త్రీ వైపు చూస్తుంటే, స్త్రీ పైనున్న దేవదూత వైపు చూస్తుంటుంది. ఇద్దరి చూపులూ కలవలేదు. ఇది ప్రేమతో పాటు ఎంపిక గురించిన కార్డు కూడా. ఆఫీసు సంగతుల్లో ఇది తరచూ "ఈ ఇష్టం కోసం ఏం వదులుకోవడానికి సిద్ధం?" అని అడుగుతుంది: ప్రమోషనా, టీమా, ఊళ్లోనే ఉన్న ఉద్యోగమా.

ద డెవిల్. చూసి భయపడతారు. బొమ్మలో దెయ్యం కింద నిలబడ్డ ఇద్దరి మెడల్లోనూ గొలుసులున్నాయి, కానీ అవి వదులుగా ఉన్నాయి, కావాలంటే తలమీదుగా తీసేయొచ్చు. రోజూ కనిపించడం, షిఫ్టు కలవడం వల్ల పెరిగిన అలవాటును ఇష్టం అనుకుంటున్నారేమో చూడండి. సెలవులో నాలుగు రోజులు కనిపించకపోతే ఎలా ఉందన్నది దీనికి మంచి పరీక్ష.

త్రీ ఆఫ్ స్వోర్డ్స్. గుండెలో మూడు కత్తులు, వెనుక వాన. గతం గడిలో వస్తే ఇద్దరిలో ఒకరి పాత గాయం కావచ్చు. భవిష్యత్తులో వస్తే "విడిపోతారు" అని తేల్చేయకండి, ఇంకా కలిసిందే లేదు. ఇలాగే సాగితే నొప్పించే ఒక నిజం బయటపడుతుందని చదవండి. చాలాసార్లు ఆ నిజం, అవతలివాళ్లకు ఇంట్లో సంబంధం కుదిరిపోవడం. అందుకే కాగితం మీద ఆ చివరి ప్రశ్న పెట్టించాను.

## 10. చేయి జారే చోట్లు

నచ్చలేదని మళ్లీ తీయడం. రెండోసారి తీసిన కార్డులు ప్రశ్నకు కాదు, మీ టెన్షన్‌కు జవాబిస్తాయి. గడువులో సగం గడిచే దాకా, లేదా ఎడమ గడిలో కొత్తగా ఏదైనా జరిగే దాకా అదే ప్రశ్న అడగొద్దు.

నాలుగో కార్డు. "ఇది అర్థం కాలేదు, వివరంగా చెప్పడానికి ఇంకోటి" అని తీస్తారు. అది వచ్చాక దానికోసం ఐదోది. సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ దగ్గర మేము ఇంకోటి తీసి ఉంటే, ఆ కొత్త కార్డు గురించే మాట్లాడుకునేవాళ్లం, "శాంపిల్స్ 2" బయటికొచ్చేది కాదు. అర్థం కాకపోతే కార్డు తీయకండి, ప్రశ్న వేయండి.

అవతలి మనిషికి ఫొటో పంపడం. "మన గురించి కార్డుల్లో ఇలా వచ్చింది చూడు." పంపకండి. ఆ మనిషి ఇంకా ఏమీ చెప్పకముందే మూడు కార్డులతో జవాబు అడిగినట్టవుతుంది. ఆఫీసు గ్రూపులో పొరపాటున పడితే ఇక చెప్పక్కర్లేదు.

తమకు తామే చదువుకుంటూ కాగితం మీది కుడి గడిని వాడటం. ఒంటరిగా చదివేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ప్రతి వాక్యం చివర "ఇది ఏ గడిలోది?" అని గట్టిగా అడుక్కోండి. కుడి గడిలోదైతే వాక్యం చివర "అనుకుంటున్నాను" చేర్చండి.

## 11. రాసిపెట్టుకోవాల్సినవి

కార్డులను తిరిగి కట్టలో కలిపేముందు వాటిని ఫొటో తీసుకోండి, కాగితం వెనుక ఇవి రాయండి:

- తేదీ, ప్రశ్న యథాతథంగా, గడువు తేదీ
- మూడు కార్డుల పేర్లు
- ఒక్క వాక్యం రీడింగ్
- చేయాలనుకున్న ఒక్క పని
- గడువు నాటికి ఏం కనిపిస్తే రీడింగ్ తప్పని ఒప్పుకుంటారు

చివరిది ముందే రాయకపోతే తర్వాత రాయలేరు. ఆమె రాసింది: "నేను ఏమీ మాట్లాడకపోయినా, దాపరికం లేకుండా సంగతి దానంతటదే ముందుకు సాగితే ఈ రీడింగ్ తప్పు." గడువు రోజున ఈ కాగితం తీసి, కొత్తగా రెండు గడులు గీసి, ఎడమవైపు మాత్రమే నింపండి. పాత వాక్యంతో పోల్చి "సరిపోయింది", "సగం", "తప్పు" అని ఒక మాట రాయండి. చెప్పిన పని చేసి ఉంటే అదీ రాయండి. అప్పుడు "ఇలాగే సాగితే" అన్నది సాగలేదు కాబట్టి మూడో కార్డును తప్పొప్పుల లెక్కలో వేయకూడదు, మొదటి రెండింటినే సరిచూడాలి.

గడువు తర్వాత మళ్లీ స్ప్రెడ్ వేస్తే, పాత రీడింగ్‌లోని వర్తమానం కార్డు ఈసారి మీ గతం. కొత్తగా వచ్చిన గతం కార్డును దాని పక్కన పెట్టి చూడండి. రెండింటిలో చూపు ఒకే దిక్కున ఉంటే ఈ రెండు నెలల్లో మీ వైపు నుంచి మారింది తక్కువే, కాబట్టి మధ్య కార్డు దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి.